‘ఆనాటి సమాజం’ అంటే ఎవరు?

ఇక్కడి తెలుగు సభ కోసం ‘కన్యాశుల్కం’ మీద వ్యాసం రాశాను. వారం పక్కన పెట్టి, ఎర్ర పెన్ను పట్టుకుని చదివితే మొదటి పేరాలోనే దొరికిపోయాను.

“ఆనాటి సమాజం ఆడపిల్లల్ని అంగడి సరుకుగా చూసింది. అగ్నిహోత్రావధానులు కూతుర్ని లుబ్ధావధానులకు అమ్మజూపాడు. భార్య వద్దంటుంది.”

సమాజమంటే ఎవరు? వద్దన్న వెంకమ్మ ఆ సమాజంలో లేదా? పీఠిక తీశాను. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు రాయించారనీ, అందులో 1034 పెళ్లిళ్లు నమోదయ్యాయనీ గురజాడ చెప్పారు. అంటే ఒక జిల్లా, ఒక కులం, మూడేళ్లు. నేనేమో అందర్నీ ఒకే గాటన కట్టేశాను. ఆ వాక్యం కొట్టేసి ఈ లెక్క రాశాను.

తర్వాత క్రియలు. “అమ్మజూపాడు”, “వద్దంటుంది” పక్కపక్కనే ఉంటే, బేరం అయిపోయాక ఆవిడ అడ్డుపడిందేమో అనిపిస్తుంది. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. రచయిత, చరిత్ర అయితే భూతకాలం: 1897లో నాటకం అచ్చయింది. రంగం మీద జరిగేదైతే వర్తమానం: అవధానులు సంబంధం కుదురుస్తాడు, వెంకమ్మ వద్దంటుంది, కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేస్తాడు.

ఒక్కచోట మాత్రం ఆగాను. బుచ్చమ్మ పెళ్లి, వైధవ్యం తెర లేవకముందే జరిగిపోయాయి. అక్కడ భూతకాలమే ఉంచాను. ఆ పిల్ల విషయంలో మార్చడానికింకేం మిగల్లేదు. వెంకమ్మ పోట్లాటంతా సుబ్బి కోసమే.