పక్కనే నోడ్ ఉన్నా, ఫోన్ కింది రౌటర్‌ని ఎందుకు వదలదు?

మేడ మీద నెట్ రావడం లేదని పైన ఒక మెష్ నోడ్ కొని పెడతారు. నోడ్ లైటు వెలుగుతుంది, కంపెనీ యాప్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది. పడకగదిలో వీడియో మాత్రం మునుపటిలాగే తిరుగుతూ ఉంటుంది. చూస్తే, నోడ్‌కి పది అడుగుల దూరంలో ఉన్న ఫోన్ ఇంకా కింది హాల్లోని రౌటర్‌తోనే మాట్లాడుతోంది. వైఫై ఆపి మళ్లీ ఆన్ చేయగానే అంతా చక్కబడుతుంది. మర్నాడు కింద టిఫిన్ తిని పైకి వచ్చేసరికి మళ్లీ మొదటికే. నెట్‌వర్క్ పనివాళ్లు ఇలాంటి ఫోన్‌ను ‘స్టిక్కీ క్లయింట్’ అంటారు.

చాలామంది తప్పు నోడ్‌దే అనుకుంటారు. కానీ వైఫైలో ఏ పెట్టెతో ఉండాలి, ఎప్పుడు మారాలి అన్నది తేల్చుకునేది ఫోనే. సెల్ టవర్ల సంగతి వేరు. కాల్ మధ్యలో మనల్ని ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మార్చేది నెట్‌వర్కే. వైఫైలో రౌటర్ సలహా ఇవ్వగలదు, విసుగొస్తే గెంటేయగలదు, అంతే.

ఫోన్ ఆ నిర్ణయాన్ని ముఖ్యంగా రెండు అంకెలతో తీసుకుంటుంది. ఆపిల్ తన అంకెల్ని బయటపెట్టింది కాబట్టి ఐఫోన్‌నే చూద్దాం. ఇప్పుడున్న సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే బలంగా ఉన్నంతసేపు ఐఫోన్ వేరే చోటు కోసం వెతకదు. దానికంటే పడిపోయాక వెతకడం మొదలుపెడుతుంది. దొరికిన కొత్త సిగ్నల్ పాతదానికంటే కనీసం 8 డీబీ మెరుగ్గా ఉంటేనే మారుతుంది. ఆ సమయంలో డేటా ఏమీ నడవకపోతే 12 డీబీ తేడా కావాలి. మ్యాక్‌బుక్ ఇంకా మొండిది: మైనస్ 75 దాకా కదలదు, కదలడానికి 12 డీబీ తేడా అడుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ అంకెలు తయారీదారును, చిప్‌ను బట్టి మారతాయి. పద్ధతి మాత్రం ఇదే.

డీబీఎం లెక్క తెలియనివారికి ఒక్క మాట. ఇది సిగ్నల్ బలానికి కొలత. సున్నాకి దగ్గరైతే బలం, దూరమైతే బలహీనం. మైనస్ 45 బాగా బలమైనది, మైనస్ 80 చివరి ఊపిరి. 3 డీబీ తగ్గితే శక్తి సగమవుతుంది, 10 డీబీ తగ్గితే పదో వంతు అవుతుంది.

ఇప్పుడు ఒక ఇంటిని తీసుకుందాం. కింద హాలు, వంటగది, ముందు పోర్టికో. పైన రెండు పడకగదులు. మధ్యలో ఆర్‌సీసీ స్లాబు. ఫైబర్ కనెక్షన్ హాల్లోకి వస్తుంది, రౌటర్ టీవీ పక్కన ఉంది, నోడ్ పై వరండాలో ఉంది. ఐఫోన్ పట్టుకుని కింద నుంచి పడకగదిలోకి వెళ్లారు. స్లాబు తగలగానే ఫోన్ 5 గిగాహెర్ట్జ్ వదిలేసి, గోడల్ని కాస్త బాగా దాటగలిగే 2.4కి దిగింది. గదిలో కింది రౌటర్ సిగ్నల్ మైనస్ 67. అదే గదిలో పై నోడ్ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైనస్ 48.

తేడా 19 డీబీ, అంటే దాదాపు 80 రెట్ల శక్తి. అయినా ఫోన్ కదలదు. మైనస్ 67 ఇంకా మైనస్ 70 కంటే పైనే ఉంది కాబట్టి అది రెండో అంకె దాకా రానేలేదు. పక్కన మైనస్ 48 ఉందన్న సంగతే దానికి తెలియదు, ఎందుకంటే గదిలోకి వచ్చాక వెతకలేదు. మనం చూసే సిగ్నల్ గీతలు కూడా మైనస్ 67 దగ్గర ఫర్వాలేదన్నట్టే కనిపిస్తాయి. ఈ గదిలాంటి చోట్లే అసలు తంటా. సిగ్నల్ పూర్తిగా చచ్చిపోయే చోట ఫోన్ తనంతట తానే మారుతుంది.

ఫోన్ ఊరికే ఓసారి వెతకొచ్చు కదా అనిపిస్తుంది. వెతకాలంటే అది ఉన్న చానెల్ వదిలి వేరే చానెళ్లు వినాలి. రౌటర్లు తమ ఉనికిని మామూలుగా 102 మిల్లీసెకన్లకోసారి చాటుతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఇరవైకి పైగా చానెళ్లున్నాయి. ఒక్కోదానిలో ఓ చాటింపు వినేదాకా ఆగితే రెండు సెకన్లు దాటిపోతుంది. ఆ సేపు మన కాల్ తెగుతూ ఉంటుంది, బ్యాటరీ కరుగుతుంది. ఫోన్‌ది ఉత్త మొండితనం కాదు, అందులో కొంత పొదుపు కూడా ఉంది.

దూరపు రౌటర్‌ని పట్టుకుని వేలాడే ఫోన్ వల్ల మిగతావాళ్లకీ నష్టమే. ఒక చానెల్‌లో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. 1500 బైట్ల ప్యాకెట్‌ను 300 ఎంబీపీఎస్ వేగంతో పంపితే 0.04 మిల్లీసెకను పడుతుంది. సిగ్నల్ కుంగి వేగం 6కి పడిపోతే అదే ప్యాకెట్‌కి 2 మిల్లీసెకన్లు, అంటే 50 రెట్లు. పైగదిలో ఒకరు సినిమా దించుకుంటుంటే కింద హాల్లో టీవీ ఆగిపోవడం వెనక ఇలాంటి లెక్క ఉండొచ్చు.

ముందు రోగం ఇదేనని తేల్చుకోవాలి. ఇంట్లో అన్ని పెట్టెల వైఫై పేరు ఒకటే కాబట్టి పేరు చూసి ఏదీ తెలియదు. ప్రతి పెట్టెకీ, అందులో ప్రతి బ్యాండ్‌కీ BSSID అని వేరే చిరునామా ఉంటుంది. రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, నోడ్ పక్కన వైఫై ఆపి ఆన్ చేసి ఇంకోసారి దాని చివరి రెండు అక్షరాలు కాగితం మీద రాసుకుంటే చాలు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లో Wi-Fi verbose logging ఆన్ చేస్తే వైఫై జాబితాలోనే ఈ చిరునామా, డీబీఎం రెండూ కనిపిస్తాయి. మ్యాక్‌లో Option మీట నొక్కి పట్టి వైఫై గుర్తు మీద నొక్కాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ ఆదేశం:

```
netsh wlan show interfaces
```

పడకగదిలో కింది రౌటర్ అక్షరాలు, మైనస్ 60ల్లో అంకె కనిపిస్తే అనుమానం అక్కర్లేదు.

మందు కూడా ఆ రెండు అంకెల్లోనే ఉంది. ఫోన్‌లో మైనస్ 70ని మనం మార్చలేం. అది వినే సిగ్నల్‌ని మార్చగలం. చాలా రౌటర్ల సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్‌కి Transmit Power అని ఉంటుంది. కింది రౌటర్ 20 డీబీఎంతో అరుస్తోందనుకుందాం. దాన్ని 14కి తగ్గిస్తే పడకగదిలో మైనస్ 67 కాస్తా మైనస్ 73 అవుతుంది. గడప దాటింది, ఫోన్ వెతుకుతుంది, మైనస్ 48 దొరుకుతుంది. తేడా 25, మారిపోతుంది.

పవర్ తగ్గిస్తే నెట్ పాడవుతుందని భయపడతారు గానీ, ఇక్కడ పోయేది తక్కువే. ఫోన్ తిరిగి పంపే శక్తి సాధారణంగా రౌటర్ కంటే తక్కువ, 14 డీబీఎం అనుకుందాం. ఫోన్‌కి రౌటర్ మైనస్ 67గా వినిపిస్తున్నప్పుడు రౌటర్‌కి ఫోన్ మైనస్ 73గానే వినిపిస్తోంది. ఇన్నాళ్లూ ఫోన్‌కి కనిపించిన గీతలు ఒకవైపు కథే. తగ్గించాక రెండువైపులా సమానమయ్యాయి. పోర్టికోని మాత్రం చూసుకోవాలి: అక్కడ ఇదివరకు మైనస్ 64 ఉంటే ఇప్పుడు మైనస్ 70 అవుతుంది. కొన్ని రౌటర్లలో డీబీఎం బదులు శాతాలుంటాయి. లెక్కప్రకారం 50 శాతం అంటే 3 డీబీ, 25 శాతం అంటే 6 డీబీ తగ్గాలి. అన్ని కంపెనీలూ ఆ లెక్క పాటించవు కాబట్టి మార్చాక గదిలో కొలిచి చూడాలి.

తర్వాతవి 802.11k, 802.11v. చాలా మెష్ సెట్లలో ఇవి ముందే ఆన్‌లో ఉంటాయి, కొన్నింట్లో Fast Roaming లాంటి పేరు కింద దాక్కుంటాయి. మొదటిది చుట్టుపక్కల నోడ్‌లు ఏ చానెళ్లలో ఉన్నాయో ఫోన్‌కి జాబితా ఇస్తుంది. ఇరవై చానెళ్లు తిరగాల్సిన ఫోన్ రెండు మూడు చూస్తే సరిపోతుంది. రెండోది ‘ఆ నోడ్‌కి వెళ్లు’ అని ఫోన్‌కి చెబుతుంది. అది అభ్యర్థనే, ఫోన్ కాదనొచ్చు. ఈ రెంటినీ ఆన్‌లో ఉంచడం వల్ల హాని అరుదు.

గెంటేసే సెట్టింగు వేరు. కొన్నింట్లో Minimum RSSI అంటారు. సిగ్నల్ ఫలానా అంకె కంటే పడితే రౌటర్ ఫోన్‌ని తెంపేస్తుంది. ఇక్కడ కొలిచేది రౌటర్, అది చూసేది ఫోన్ పంపే సిగ్నల్‌ని. మైనస్ 70 అని ఉత్సాహంగా పెట్టేస్తే, ఎటు చూసినా మైనస్ 72 కంటే ఎక్కువ రాని మూల గదిలో ఫోన్ తెగుతుంది, వేరే గతిలేక అక్కడికే వస్తుంది, మళ్లీ తెగుతుంది. కొన్ని సెకన్లకోసారి వైఫై గుర్తు పోయి వస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పెట్టాలనుకుంటే మైనస్ 80 దగ్గర మొదలుపెట్టడం మంచిది.

అన్నిసార్లూ ఫోన్‌దే తప్పు కాదు. నోడ్‌ని ఇంటి చిట్టచివరి గదిలో పెడితే ఫోన్‌కి అది మైనస్ 40తో నిండుగా కనిపిస్తుంది. కానీ ఆ నోడ్ కింది రౌటర్‌ని మైనస్ 80తో వింటూ ఉండొచ్చు. ఫోన్ తనకూ నోడ్‌కీ మధ్య సిగ్నల్‌నే కొలుస్తుంది, నోడ్ వెనక ఏముందో దానికి కనిపించదు. పైగా ఒకే రేడియోతో అటూ ఇటూ మాట్లాడే నోడ్‌లో మిగిలిన వేగం కూడా సగమవుతుంది. అలాంటి ఇంట్లో దూరపు రౌటర్‌ని పట్టుకున్న ఫోనే తెలివైనది. నోడ్‌ని రౌటర్ మైనస్ 60, 65 దగ్గర అందే చోటికి, చాలా ఇళ్లలో మెట్ల దగ్గరికి, జరపాలి. వీలైతే ఒక లాన్ కేబుల్ లాగేస్తే ఈ బాధే ఉండదు.

మెష్ కాకుండా పాత రౌటర్‌నే పైన పెట్టి అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చుకున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. ఫోన్‌కి కింద 192.168.1తో, పైన 192.168.0తో మొదలయ్యే ఐపీ వస్తుంటే రెండో పెట్టె వేరే నెట్‌వర్క్ నడుపుతోందన్నమాట. ఫోన్ సక్రమంగా మారినా ఐపీ మారిపోయి వాట్సాప్ కాల్ తెగుతుంది. పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి.

802.11rని చివరికి వదిలేయండి. మారే సమయంలో తాళాల మార్పిడిని అది కుదిస్తుంది గానీ, మారాలా వద్దా అన్నది దాని చేతిలో లేదు. ఆఫీసుల్లో ఉద్యోగికో లాగిన్ ఉండే వైఫైకి దాని లాభం ఎక్కువ. మామూలు పాస్‌వర్డ్‌తో నడిచే ఇంట్లో తేడా తెలియడం తక్కువ. ఆన్ చేశాక పాత ప్రింటరో, వైఫై బల్బో కలవకుండా మొరాయిస్తే మళ్లీ ఆపేయండి.