గడువు కోరే ఉత్తరంలో కొత్త తేదీ ఎలా వేయాలి?

డెంగీ నుంచి తేరుకుంటున్న విద్యార్థి ప్రొఫెసర్‌ను గడువు అడిగేటప్పుడు తరచూ పొరబడేది కొత్త తేదీ దగ్గరే. జ్వరం దిగగానే ప్రాణం తేలికపడినట్టు ఉంటుంది. వెంటనే ‘రెండు రోజులు టైమ్ ఇవ్వండి సార్, ఇచ్చేస్తాను’ అని మెయిల్ పెట్టేస్తారు. నిజానికి డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజుల్నే డాక్టర్లు మరింత జాగ్రత్తగా గమనిస్తారు. ఆ గండం గడిచాక కూడా కొందరిని నీరసం వారాల తరబడి వదలదు. గంటసేపు కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. ఆ రెండు రోజులూ ఇట్టే అయిపోతాయి, పేపర్ మాత్రం పూర్తవదు. అప్పుడు రెండోసారి అడగాల్సి వస్తుంది, అది మొదటిసారి కంటే చాలా కష్టం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎంఏ చరిత్ర చదివే ఒక అమ్మాయి కాకతీయుల కాలపు చెరువుల మీద టర్మ్ పేపర్ రాస్తోంది. నవంబర్ 14 శుక్రవారం ఇవ్వాలి. నవంబర్ 3న జ్వరం వచ్చింది, డాక్టర్ 13 దాకా విశ్రాంతి తీసుకోమన్నారు. రామప్ప చెరువు భాగంతో కలిపి మూడు భాగాలు అప్పటికే రాసేసింది. పాకాల, లక్నవరం చెరువుల భాగం, ముగింపు మిగిలాయి.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒక్కో భాగానికి ఆమెకు రెండు రోజులు పట్టేది. ఇప్పుడు పూటకు మించి కూర్చోలేదు కాబట్టి నాలుగు రోజులు వేసుకోవాలి. అంటే రెండు భాగాలకు ఎనిమిది రోజులు. 14న మొదలుపెడితే 21కి అవుతాయి. అధస్సూచికలు సరిచూసుకోవడానికి ఆ శని, ఆదివారాలు పోతాయి. కాబట్టి అడగాల్సిన తేదీ 24, సోమవారం.

అయితే లెక్క ఇక్కడితో తెగదు, ఎందుకంటే ప్రొఫెసర్‌కూ ఒక గడువు ఉంటుంది. ఇంటర్నల్ మార్కులు ఫలానా రోజులోగా పరీక్షల విభాగానికి పంపాలి. ఆ రోజు దాటితే ఇవ్వాలని మనసులో ఉన్నా ఆయన చేతిలో ఏమీ ఉండదు. మార్కులు పంపే ఆఖరి రోజు 28 అనుకుంటే, 24న ఇచ్చిన పేపర్ దిద్దడానికి ఆయనకు మూడు నాలుగు రోజులు దొరుకుతాయి. ఈ సంగతి ముందే ఆఫీసులో కనుక్కుని ఉత్తరంలో రాస్తే ప్రొఫెసర్ నిర్ణయం తీసుకోవడం సులువవుతుంది.

ఆమె ఉత్తరం గడువుకు రెండు రోజుల ముందు, 12వ తేదీన వెళ్లాలి. అది ఇలా ఉంటే చాలు:

“గౌరవనీయులైన సార్‌కు నమస్కారం. నేను ఎంఏ చరిత్ర మూడో సెమిస్టర్ విద్యార్థినిని. డెంగీ వల్ల నవంబర్ 3 నుంచి మంచం మీద ఉన్నాను. డాక్టర్ 13 వరకు విశ్రాంతి తీసుకోమన్నారు, సర్టిఫికెట్ జతచేశాను. 14న ఇవ్వాల్సిన టర్మ్ పేపర్‌లో మూడు భాగాలు పూర్తయ్యాయి, వాటినీ పంపుతున్నాను. మిగిలిన రెండు భాగాలు రాసి 24, సోమవారం సాయంత్రం 5 గంటలలోపు ఇవ్వడానికి అనుమతించగలరా? ఇంటర్నల్ మార్కులు 28లోగా పంపాలని ఆఫీసులో చెప్పారు. 24 మీకు ఆలస్యమవుతుందనుకుంటే, వీలైన తేదీ చెప్పండి, ఆలోపు ఇస్తాను.”

కింద పేరు, హాల్‌టికెట్ నంబర్ ఉండాలి. ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోయాయో, ఎన్ని సెలైన్లు ఎక్కించారో ఇందులో లేదని గమనించండి. వాటితో ప్రొఫెసర్‌కు పనిలేదు. మొత్తం డిశ్చార్జ్ సమ్మరీ పంపాల్సిన అవసరమూ సాధారణంగా ఉండదు. విశ్రాంతి తేదీలు, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న సర్టిఫికెట్ సరిపోతుంది. పంపే ముందు ఒకటి సరిచూసుకోవాలి: సర్టిఫికెట్‌లో 5 నుంచి అని, ఉత్తరంలో 3 నుంచి అని ఉంటే నిజంగా జబ్బుపడ్డవారి మీద కూడా అనుమానం వస్తుంది. జ్వరం 3న మొదలై, డాక్టర్‌ను 5న కలిస్తే ఆ మాటే రాయాలి.

పూర్తయిన భాగాల్ని జతచేయడాన్ని చాలామంది చిన్న విషయమనుకుంటారు. గడువు కోరుతున్నది జ్వరం వల్లా, పని మొదలుపెట్టకపోవడం వల్లా అన్న సందేహాన్ని అది అక్కడికక్కడే తీర్చేస్తుంది.

అమెరికాలో చదివే తెలుగు పిల్లలైతే ముందుగా సిలబస్ తెరిచి ఆలస్యానికి సంబంధించిన నిబంధన చూసుకోవాలి. రోజుకు ఎన్ని మార్కులు కోస్తారో చాలా కోర్సుల్లో అందులోనే ఉంటుంది. సెమిస్టర్ ముగిసేలోపు పని తెమలదనిపిస్తే, చాలా యూనివర్సిటీల్లో ‘ఇన్‌కంప్లీట్’ గ్రేడ్ కోరే వీలుంది. దాన్ని సెమిస్టర్ ముగియకముందే అడగాలి.

ఒకరోజు గడిచినా జవాబు రాకపోతే 13న అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో గుర్తుచేయవచ్చు, లేదా క్లాస్‌మేట్‌తో డిపార్ట్‌మెంట్‌లో అడిగించవచ్చు. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. అందుకే 14న ఉన్నంతవరకు పేపర్ ఇచ్చేయడం క్షేమం. ప్రొఫెసర్ 24 కుదరదు, 20కి ఇవ్వమంటే, ఆ తేదీకి పాకాల, లక్నవరం భాగం పూర్తిచేసి ముగింపును ఒక పేజీకి కుదించవచ్చా అని ఆ జవాబులోనే అడగాలి.