విదేశీ కోడలికి ‘కన్నా’ అనడం నేర్పేటప్పుడు

మన ఇళ్ళకు వచ్చే విదేశీ కోడళ్ళకు, అల్లుళ్ళకు మొదట నేర్పేవి ముద్దు మాటలే. నాన్నా, తల్లీ, కన్నా, బంగారం, బుజ్జీ. చిన్న మాటలు కదా, రెండుసార్లు వింటే వచ్చేస్తాయని అనుకుంటాం. తీరా చూస్తే ‘నాకు నీళ్ళు కావాలి’ అనే వాక్యం వారం రోజుల్లో వచ్చేస్తుంది గానీ, ‘నాన్నా’ అన్న మాట నెలల తరబడి తప్పుగానే పలుకుతుంటుంది. నీళ్ళ మాట కాస్త తప్పినా నీళ్ళు దొరుకుతాయి. ముద్దు మాట తప్పితే ఇల్లంతా నవ్వుతుంది. ఆ నవ్వుకు ఒకటి రెండుసార్లు గురైనవాళ్ళు మళ్ళీ తెలుగు జోలికి రారు. అత్తగారికి ఇంగ్లిష్ రాని ఇంట్లో దాని నష్టం ఎంతో చెప్పనక్కర్లేదు.

ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందాం. బెంగళూరులో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. కోడలు మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగింది, ఆమె మాతృభాష ఇంగ్లిష్. మూడేళ్ళ బాబు ఉన్నాడు. అత్తగారు వాణ్ణి రోజంతా ‘నాన్నా’ అని పిలుస్తారు. ఆస్ట్రేలియాలో చాలామంది పిల్లలు అమ్మమ్మనో నానమ్మనో ‘న్యానా’ అంటారు కాబట్టి ఆ పిలుపు కోడలికి మొదట వింతగా తోస్తుంది. నాన్న అంటే తండ్రి అని తెలిశాక ఇంకా వింత. కన్నబిడ్డను తండ్రీ అని పిలవడమేమిటి? అదే అత్తగారు కోడల్ని కూడా ‘తిన్నావా తల్లీ’ అంటారు. కోడలు సంతోషంగా ‘తిన్నాను తల్లీ’ అని బదులిస్తుంది. అప్పుడు వస్తుంది ఆ నవ్వు.

ఆమె పలుకులో తప్పేమీ లేదు. తప్పిందల్లా దిక్కు. ఇంగ్లిష్‌లో ‘డియర్’ అన్నవాళ్ళను తిరిగి ‘డియర్’ అనవచ్చు, మాట రెండు వైపులా నడుస్తుంది. మన ముద్దు మాటలు చాలామటుకు పెద్దల నుంచి చిన్నల వైపే నడుస్తాయి. తల్లి, తండ్రి అన్న గౌరవ పదాలనే మనం చిన్నవాళ్ళకు ఇచ్చి మురిసిపోతాం. ఆ మురిపెం తిరిగి పైకి వెళ్ళదు. పైకి వెళ్ళే ప్రేమకు ముద్దుపేరు ఉండదు, వరస ఉంటుంది. ‘అత్తయ్యా, మీరు తిన్నారా?’ అన్నదే ఆమె ఇవ్వగల సరైన బదులు. అందులోని ‘మీరు’, ‘-రా’ అన్న బహువచనం, ముందున్న ‘అత్తయ్యా’, ఈ మూడూ కలిసి చేసే పని ‘తల్లీ’ చేసే పని లాంటిదే. ఈ ఒక్క సంగతి మొదటి రోజే చెప్పేస్తే సగం ఇబ్బంది తీరుతుంది. ఐదు మాటలతో పాటు ‘అత్తయ్యా’, ‘మామయ్యా’ కూడా అదే రోజు నేర్పాలని నేనంటాను. లేకపోతే పెద్దల కోసం ఆమె దగ్గర మాటే ఉండదు, చేతికి దొరికినది వాడేస్తుంది.

ఇక పలుకు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళ చెవికి ఒత్తు వినబడదు. మనకు ‘కన్నా’, ‘కనా’ వేర్వేరు మాటలు, వాళ్ళకు రెండూ ఒకటే. ‘నాన్నా’ వాళ్ళ నోట ‘నానా’ అవుతుంది. మనకు ‘నానా’ అంటే నానా తంటాలు. మహారాష్ట్రలో ఉన్న మన ఇళ్ళల్లో అయితే పెద్దాయనను గౌరవంగా పిలిచే మాట. కాబట్టి నోటికంటే ముందు చెవికి పని చెప్పాలి. భర్త ‘కన్నా’, ‘కనా’ అని తన ఇష్టం వచ్చిన వరసలో పదిసార్లు అనాలి. ఒత్తు వినబడినప్పుడు ఆమె చెయ్యెత్తాలి. పదింటిలో ఎనిమిది సరిగ్గా పట్టుకునేదాకా ఆమె చేత పలికించకూడదు. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

చెవి కుదిరాక నోటికి ఒక దారి ఉంది. ఒత్తు ఇంగ్లిష్‌లో మాట లోపల వినబడదు గానీ రెండు మాటలు కలిసేచోట ఉంటుంది. ‘పెన్ నైఫ్’ అన్నప్పుడు మధ్యలో ఉన్నది మన ‘న్న’. దాన్ని నెమ్మదిగా అనిపించి, అక్కడ నాలుక ఎంతసేపు ఆగిందో గమనించమనాలి. అదే ఆగడం ‘కన్నా’లో, ‘నాన్నా’లో కావాలి. ‘బుజ్జీ’కి ‘బ్యాడ్ జోక్’ పనికొస్తుంది. డ్ దగ్గర గాలి ఆగి జ దగ్గర విడుదలవుతుంది, ఒత్తు జకారంలో జరిగేది కూడా దాదాపు అదే. ‘బంగారం’ వేరే రకం చిక్కు. దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఇచ్చారా, ఆమె ‘బ్యాంగరమ్’ అని చదువుతుంది. ‘హంగర్’ అన్న మాటను తలచుకోమనండి, ఆ ‘హంగ’లో హ తీసి బ పెడితే ‘బంగ’ వచ్చేసింది. తర్వాతి ‘గా’ను సాగదీయడమే మిగిలింది. ‘తల్లీ’ని కూడా రాసి ఇవ్వవద్దు. ఇంగ్లిష్‌లో టి రాస్తే ‘టల్లీ’ అంటారు, టి పక్కన హెచ్ చేరిస్తే ‘థింక్’లో లాగా గాలి ఊదుతారు. నాలుకను ‘థింక్’ అనేటప్పుడు పెట్టే చోటే పళ్ళకు ఆనించి, గాలి ఊదకుండా వదలమంటే ‘త’ పలుకుతుంది. మొత్తం మీద కాగితం కంటే ఫోన్‌లో అత్తగారి గొంతు రికార్డు చేసి ఇవ్వడం మేలు. ఒక్కో మాటకు ఐదు సెకన్లు, విడి మాటగా కాకుండా వాక్యంలో.

వాక్యంలో ఎందుకంటే పిలుపు ఎక్కడ పడుతుందో దాన్ని బట్టి భావం మారుతుంది. ‘కన్నా, లే’ అంటే లేపుతున్నాం. ‘లే కన్నా’ అంటే బుజ్జగిస్తున్నాం. బుజ్జగింపులో పిలుపు చివరికి వస్తుంది, ఆఖరి అచ్చు కాస్త సాగుతుంది, గొంతు కిందికి దిగుతుంది. దూరం నుంచి కేకేసేటప్పుడు అదే అచ్చు పైకి లేస్తుంది. సాగదీయకుండా టక్కున ‘బుజ్జి!’ అని తుంచేస్తే పిల్లవాడు ఏం తప్పు చేశానా అని చూస్తాడు. ఇంకో ప్రమాదం ఉంది. ‘అమ్మా తల్లీ, నీకో దండం’ అన్నప్పుడు మాట అదే, అర్థం మాత్రం విసుగు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఆ విసుగు రాగాన్ని సినిమాలో విని ముద్దు అనుకుని పట్టుకుంటారు. రాగాన్ని సినిమా నుంచి కాక మీ ఇంటి పెద్దావిడ గొంతు నుంచి పట్టుకోమనడం అందుకే.

మన కోడలి విషయానికొస్తే, మొదటి వారం ఒకే ఒక్క వాక్యం ఇచ్చి చూడండి: పొద్దున్నే బాబును లేపేటప్పుడు ‘లే కన్నా’. రెండో వారం అన్నం దగ్గర ‘తిన్నావా నాన్నా?’. మూడో వారం వాడు పడి ఏడ్చినప్పుడు ‘ఏడవకు నాన్నా’. ఏ మాటకు ఏ సందర్భమో ఇలా కట్టేస్తే, మాట గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేకుండా సందర్భమే దాన్ని నోటికి తెస్తుంది. దిద్దడం ఒక్కరే దిద్దాలి, అదీ గదిలో. నలుగురిలో దిద్దితే దానికీ నవ్వుకూ తేడా ఉండదు. ఆమె సరిగ్గా అంటోందని ఎలా తెలుస్తుంది? బాబు రెండోసారి పిలిపించుకోకుండా తిరిగి చూస్తాడు. పక్కనున్న పెద్దవాళ్ళు ఆ మాటను తమ నోటితో మళ్ళీ అనరు. ఎవరైనా ముద్దుగానైనా ఆమె వెనకాలే ‘కన్నా’ అని మళ్ళీ అన్నారంటే, ఒత్తు ఇంకా కుదరలేదన్నమాట.

‘మై డియర్’ అలవాటు వల్ల ఆమె ప్రతి పిలుపుకూ ముందు ‘నా’ చేర్చాలని చూస్తుంది. ‘నా బంగారం’ బాగానే ఉంటుంది. కానీ ‘నాకన్నా’ అని కలిపి అంటే నాకంటే అని అర్థం వస్తుంది, ఎవరికంటే ఎవరు పెద్ద అని వినేవాళ్ళు ఎదురు చూస్తారు. అలాగే ‘బంగారం తల్లి’ అనరు, ‘బంగారు తల్లి’ అంటారు. ఆ రెండు మాటలనూ ఒకే మాటగా నేర్పితే సరి.

‘రా’ మాత్రం ఇప్పుడే వద్దు. ‘ఏరా కన్నా’ అని అందరూ అంటుంటే ఆమె దాన్ని ఇట్టే పట్టేస్తుంది, భర్తను అందరి ముందూ ‘ఏంట్రా’ అంటుంది. మన తమిళనాడు ఇళ్ళల్లో ‘డా’ విని పెరిగినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. పసివాడితో అయితే ఫర్వాలేదు. పెద్దవాళ్ళ ఎదుట భర్తతో అంటే కొన్ని ఇళ్ళల్లో నవ్వుతారు, కొన్ని ఇళ్ళల్లో మాట్లాడడం మానేస్తారు. భార్యాభర్తల మధ్య ‘బంగారం’, ‘బుజ్జీ’ కూడా గదిలో మాటలే. విదేశీ అల్లుడికి ఇది ముఖ్యంగా చెప్పాలి. మామగారి ముందు భార్యను ‘బుజ్జీ’ అంటే ఇబ్బంది పడేది ఆయన కాదు, ఆ అమ్మాయి. పిల్లలు కాని మరిదితో, ఆడపడుచు భర్తతో ఈ మాటలేవీ వాడకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం గానీ, చెప్పాలి.

ఏ మాటలు నేర్పాలన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. తమిళనాడులో ఎన్నో ఇళ్ళల్లో నాన్నను ‘నైనా’ అంటారు. ఆ ఇంట్లో పిల్లాణ్ణి కూడా ‘నైనా’ అనే పిలుస్తుంటే, కోడలికి దాన్నే నేర్పండి, విజయవాడ మాటకు మార్చకండి. అక్కడే ఆమె పక్కింటి తమిళంలో ‘కణ్ణా’ కూడా వింటుంది. అందులో ణకారానికి నాలుక వెనక్కి మడుస్తారు, మన ‘కన్నా’లో నాలుక ముందే ఉంటుంది. రెండూ కలిపేసినా అర్థానికి లోటు లేదు కాబట్టి దాని గురించి ఎక్కువ దిద్దనక్కర్లేదు. బెంగళూరు ఇంట్లో ‘చిన్నా’ వినబడితే, తెలుగువాళ్ళు అంటే చిన్నవాడని, కన్నడిగులు అంటే బంగారమని చెబితే ఆమెకు సరదాగా గుర్తుంటుంది. ‘పుట్టా’ కూడా మన బెంగళూరు ఇళ్ళల్లోకి కన్నడం నుంచి వచ్చిందే. కోడలు దాన్ని హాయిగా వాడుకోవచ్చు. ఆంధ్ర నుంచి చుట్టాలు వచ్చిన రోజు మాత్రం, వాళ్ళకు పుట్ట అంటే చీమలదో పాములదో అని ముందే ఆమె చెవిన వేయండి.