దేనికీ తగలని పిన్ను ఏం చదువుతుంది?

ఆర్డుయినో ఊనో బోర్డులో 2వ నంబరు పిన్నుకు ఒక బటన్ కలిపి, దాని రెండో కాలును 5 వోల్టులకు ఇచ్చామనుకుందాం. నొక్కితే 1 వస్తుంది. వదిలేస్తే 0 రావాలి కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు పిన్ను దేనికీ తగిలి ఉండదు. ఇన్‌పుట్ పిన్ను దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి పక్క వైరు నుంచి వచ్చే కొద్దిపాటి చార్జికే 0, 1 ఇష్టమొచ్చినట్టు మారిపోతాయి. వైరు దగ్గర చెయ్యి పెట్టగానే రీడింగు మారుతోందంటే పిన్ను ఫ్లోటింగ్‌లో ఉన్నట్టే.

పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే అది పుల్-డౌన్. బటన్ నొక్కినా దాని గుండా పోయేది అర మిల్లీ ఆంపియరే. నేనైతే బటన్‌ను గ్రౌండ్‌కే కలిపి, చిప్‌లో ఉన్న పుల్-అప్‌ను వాడమంటాను. విడి రెసిస్టర్ అక్కర్లేదు. కాకపోతే ఇక్కడ నొక్కితే వచ్చేది 0.

```
pinMode(2, INPUT_PULLUP);
```

ఇక అవుట్‌పుట్ సంగతి. పుష్-పుల్ పిన్ను 1నీ 0నీ తనే బలంగా ఇస్తుంది. ఎల్ఈడీ వెలిగించడానికి అదే మేలు. అలాంటి రెండు పిన్నులను ఒకే తీగకు కలిపితే మాత్రం, ఒకటి 1, మరొకటి 0 ఇచ్చిన క్షణాన షార్ట్ అవుతుంది. ఓపెన్-డ్రెయిన్ పిన్ను తీగను గ్రౌండ్‌కు లాగుతుంది, లేదంటే వదిలేస్తుంది. పైకి లేపేది పుల్-అప్ రెసిస్టరే. అందుకే DS18B20 ఉష్ణోగ్రత సెన్సర్లు చాలా ఒకే డేటా తీగను పంచుకోగలవు. ఆ తీగకూ 5 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్‌లు ఉండాలి. అది మరిచిపోతే తెర మీద తరచూ -127 డిగ్రీలు కనిపిస్తుంది. సెన్సర్ పోయిందనుకునే ముందు ఆ రెసిస్టర్ ఉందో లేదో చూడండి.