ఆ మాట ఏ కాగితంలో ఉంది?

పోయిన సెమిస్టర్‌లో ప్రాజెక్టు కోసం కోయంబత్తూరులో మా వీధిలోని ఎనిమిది తెలుగు ఇళ్ళకు వెళ్ళాను. పిల్లలతో ఏ భాషలో మాట్లాడతారని తల్లులను అడిగాను. చివర్లో ధీమాగా ఇలా రాసేశాను: "బడి వల్లే వీళ్ళు తమిళానికి మారుతున్నారు." మేడమ్ చదివి ఒక్కటే అడిగారు. "ఈ మాట ఏ కాగితంలో ఉందమ్మా?" నేను చూపించలేకపోయాను.

లింకన్, గూబా 1985లో 'నాచురలిస్టిక్ ఎంక్వయిరీ' అనే పుస్తకం రాశారు. మాటలతో చేసే పరిశోధనను ఎలా నమ్మాలో అందులో చెప్పారు. మేడమ్ అడిగినదాన్ని వాళ్ళు ఆడిట్ ట్రెయిల్ అంటారు. రికార్డింగు, రాసుకున్న మాటలు, వాటికి పెట్టిన కోడ్‌లు, ఏ తేదీన ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాసిన డైరీ, అన్నీ దాచాలి. ముగింపు నుంచి మొదటి మాట దాకా ఇంకొకరు వెనక్కి నడిచి వెళ్ళగలగాలి.

నేనూ వెనక్కి నడిచాను. ఆరు ఇళ్ళ చీటీలను 'బయటి ఒత్తిడి' అనే కోడ్ కింద కలిపి, తరవాత ఎప్పుడో దాని పేరు 'బడి' అని మార్చేశాను. ఎందుకు మార్చానో ఎక్కడా రాసుకోలేదు. చీటీలు విప్పి చూస్తే బడి మాట ఎత్తింది ఇద్దరే. నలుగురు చెప్పింది పక్కింటివాళ్ళ గురించి! మిగతా రెండు ఇళ్ళలో తెలుగే మాట్లాడుతున్నారు. అయితే ఒకటి, ఆడిట్ ట్రెయిల్ ఉన్నంత మాత్రాన ముగింపు నిజమైపోదు. తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం దొరుకుతుంది.

రెండోది థిక్ డిస్క్రిప్షన్, అంటే చిక్కని వర్ణన. కన్ను మూసి తెరవడం అదురో, సైగో తెలియాలంటే సందర్భం కావాలని క్లిఫర్డ్ గీర్ట్జ్ 1973లో రాశారు. ఆ ఉదాహరణ ఆయన గిల్బర్ట్ రైల్ దగ్గర తీసుకున్నారు. "తల్లి తమిళంలో మాట్లాడింది" అని రాస్తే పలచన. "అన్నం తిన్నావా అని తెలుగులో అడుగుతున్న తల్లి, పక్కింటావిడ గుమ్మంలోకి రాగానే అదే మాట తమిళంలోకి మార్చింది. తన గురించే ఏదో అనుకుంటున్నామని ఆమె అనుకోకూడదట" అని రాస్తే చిక్కన. గోడ రంగు, గిన్నెల లెక్క ఎంత రాసినా చిక్కదనం రాదు.

ఈ చిక్కదనం వల్లే మూడోది, ట్రాన్స్‌ఫరబిలిటీ, కుదురుతుంది. ఎనిమిది ఇళ్ళను చూసి తెలుగువాళ్ళంతా ఇంతే అనడానికి లేదు. కానీ బరంపురంలో ఒక అమ్మాయి నా రిపోర్టు చదివి, మా ఇళ్ళకున్న ఉమ్మడి వరండా, తెలుగు రాని పొరుగు తన వీధిలోనూ ఉన్నాయా అని పోల్చుకోవచ్చు. అక్కడ ఇది వర్తిస్తుందో లేదో తేల్చేది ఆమే. ఆమెకు కావలసిన వివరాలు ఇవ్వడమే నా పని.

ఇప్పుడు నా వాక్యం మారింది: "ఎనిమిది ఇళ్ళలో నాలుగింట, పొరుగువాళ్ళు వినేటప్పుడు తల్లులు తమిళంలోకి మారుతున్నామన్నారు." ఇంకో సంగతి. మూడు ఇళ్ళలో నేను మాట్లాడేటప్పుడు పక్కన ఎవరున్నారో రాసుకోలేదు. ఇప్పుడది గుర్తు తెచ్చుకోలేను. ఆ లోపాన్నీ రిపోర్టులో రాసేశాను.