వ్యాపారం మూసేశాక ఉద్యోగానికి ఈమెయిల్

సొంత వ్యాపారం మూసేసిన వ్యక్తి ఉద్యోగం కోసం ఈమెయిల్ పంపితే, చదివే యజమానికి రెండు సందేహాలు వస్తాయి. ఈయన పైవాళ్ల మాట వింటాడా? కొన్నాళ్లకే మళ్లీ సొంత కొట్టు తెరుస్తాడా? మూసివేతను దాచిపెడితే ఈ అనుమానం ఇంకా పెరుగుతుంది. విజయవాడలో మందుల హోల్‌సేల్ నడిపిన వ్యక్తి గోడౌన్ మేనేజర్ పోస్టుకు ఇలా రాయవచ్చు:

“బాకీలు వసూలు కాక వ్యాపారం ఆపేశాను. సరఫరాదారులకు, సిబ్బందికి ఇవ్వాల్సిందంతా ఇచ్చేసి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, చివరి రిటర్న్ దాఖలు చేశాను. గడువు దగ్గరపడిన మందులు ముందు బయటికి వెళ్లేలా చూసి, వాపసు సరుకు తగ్గించాను. ఇకపై ఉద్యోగంలోనే స్థిరపడాలనుకుంటున్నాను.”

ఇందులో అన్నిటికన్నా బలమైనది చెల్లింపుల వాక్యం. నిజమైతేనే రాయాలి, ఎందుకంటే మందుల మార్కెట్‌లో ఒక్క ఫోన్‌తో సంగతి తెలిసిపోతుంది. ‘వ్యవస్థాపకుడు’ అన్న హోదా కన్నా, స్టాకు చూసిన తీరే ఈ పోస్టుకు పనికొస్తుంది.