డాలర్లు వచ్చే రోజు తెలియనప్పుడు

భీమవరం చుట్టుపక్కల ప్లాంట్లలో ఫ్రీజ్ చేసిన రొయ్యలు విశాఖ రేవులో కంటైనర్ ఎక్కాక, అమెరికా తూర్పు తీరంలోని గోదాముకు చేరడానికి నెల పైనే పడుతుంది. అక్కడ ఎఫ్‌డీఏ శాంపిళ్లు తీసి పరీక్షకు పంపితే సరుకు మరికొన్నాళ్లు ఆగుతుంది. బిల్లు మీద అరవై రోజుల గడువని రాసి ఉన్నా, డబ్బు మాత్రం ఒక్కోసారి ముందే పడుతుంది, ఒక్కోసారి ఎనభై రోజులైనా జాడ ఉండదు. ఈలోగా చెరువు రైతుకు, ప్లాంటు కూలీలకు, ఐసుకు, కరెంటుకు రూపాయల్లో ఖర్చంతా అయిపోయి ఉంటుంది. మిగిలేది లాభమో నష్టమో డాలర్ వచ్చిన నాటి రేటు మీద ఆధారపడుతుంది.

ఆ భయం లేకుండా రేటును ముందే ఖాయం చేసుకునే ఏర్పాటే ఫార్వర్డ్ కాంట్రాక్టు. ఫలానా తేదీన ఇన్ని డాలర్లు ఇస్తానని ఎగుమతిదారు, ఈ రేటుకు కొంటానని బ్యాంకు ఒప్పుకుంటాయి. మన దగ్గర వడ్డీ రేట్లు సాధారణంగా అమెరికా కంటే ఎక్కువ కాబట్టి, ముందుకు వెళ్లేకొద్దీ డాలర్‌కు ఇవాళ్టి రేటు మీద కొంత అదనంగా దొరుకుతుంది. దాన్నే ప్రీమియం అంటారు. ఎగుమతిదారుకు ఇది కలిసొచ్చేదే.

లెక్క తేలిగ్గా ఉండేందుకు ఒక ఉదాహరణ అనుకుందాం. జూన్ 1న డాలర్ 85 రూపాయలు, ప్రీమియం నెలకు 15 పైసలు. మన ఎగుమతిదారుకు లక్ష డాలర్లు ఆగస్టులో ఏదో ఒక రోజున రావాలి. ఆగస్టు 31కి ఫిక్స్‌డ్ ఫార్వర్డ్ తీసుకుంటే మూడు నెలల ప్రీమియం కలిసి 85.45 వస్తుంది. మంచి రేటే. కానీ డాలర్లు ఆ రోజే బ్యాంకుకు అప్పగించాలి, ఒక రోజు ముందూ కాదు, వెనకా కాదు.

అదే ఆగస్టు 1 నుంచి 31 వరకు విండో పెట్టుకుంటే, ఆ నెలలో డబ్బు ఎప్పుడు పడితే అప్పుడు అదే రేటుకు అప్పగించవచ్చు. 8వ తేదీన అరవై వేలు, 25న మిగతా నలభై వేలు వచ్చినా ఇబ్బంది లేదు. మరి రేటు ఎంత? బ్యాంకు 85.30 మాత్రమే ఇస్తుంది. డాలర్లు విండో మొదటి రోజే చేతికి రావచ్చు కదా, అందుకని ఆగస్టు 1 వరకు ఉన్న రెండు నెలల ప్రీమియమే లెక్కగడుతుంది. ఎగుమతిదారు వదులుకున్నది డాలర్‌కు 15 పైసలు, లక్ష డాలర్లకు పదిహేను వేల రూపాయలు. తేదీ గురించి బెంగ లేకుండా ఉండేందుకు కట్టే ధర అది. ఎంతో ముందే తెలుసు, మళ్లీ పెరగదు. దిగుమతిదారుకు ఇది తిరగబడుతుంది. కాకినాడ రిఫైనరీకి వంటనూనె తెప్పించే వ్యాపారి డాలర్లు కొనుక్కునేందుకు విండో తీసుకుంటే, బ్యాంకు ప్రీమియాన్ని చివరి రోజు వరకు వసూలు చేస్తుంది.

దీన్ని చాలాచోట్ల ఆప్షన్ ఫార్వర్డ్ అని కూడా అంటారు కనుక, ఒక జాగ్రత్త. ఇక్కడ ఎంచుకునే హక్కు రోజుకే పరిమితం. రేటు నచ్చలేదని డాలర్లు ఇవ్వకుండా తప్పుకునే వీలు ఉండదు.

విండో సాధారణంగా నెల రోజులకు మించి ఉండదు. పెంచేకొద్దీ వదులుకునే ప్రీమియం కూడా పెరుగుతుంది. కాబట్టి నెల తెలిసి రోజు తెలియని వాళ్లకే ఇది పనికొస్తుంది. ఏ నెలో కూడా తెలియకపోతే మిగిలేది రోలింగ్. ఉన్న కాంట్రాక్టును గడువు నాటికి మరో తేదీకి జరపడం అన్నమాట. అసలు ఖర్చులు దాగి ఉన్నది ఇక్కడే.

ఆగస్టు 31 వచ్చింది, డబ్బు రాలేదు. “మేడమ్, పార్టీ సెప్టెంబరు అంటున్నాడు, ఒక నెల జరపండి” అని కంపెనీ అకౌంటెంట్ బ్యాంకుకు ఫోన్ చేస్తాడు. ఆయన మనసులో ఉన్నది పాత 85.45 అలాగే ఉండి, తేదీ మాత్రమే మారుతుందని. మన దేశంలో అలా కుదరదు. పాత కాంట్రాక్టును ఆ రోజు రేటుకు క్యాన్సిల్ చేసి, కొత్తది ఆ రోజు రేటుకే బుక్ చేయాలి. ఈలోగా రూపాయి పడిపోయి డాలర్ 87కి చేరిందనుకోండి. బ్యాంకు తన మార్జిన్ 5 పైసలు కలిపి 87.05కి క్యాన్సిల్ చేస్తుంది. 85.45కి అమ్ముతానన్న డాలర్లను 87.05కి తిరిగి కొన్నట్టు లెక్క. డాలర్‌కు 1.60 చొప్పున లక్షా అరవై వేల రూపాయలు అప్పటికప్పుడు ఖాతాలోంచి పోతాయి. సెప్టెంబరు 30కి కొత్త కాంట్రాక్టు 87.15కి పడుతుంది.

సెప్టెంబరులో డాలర్లు వచ్చాక 87,15,000 రూపాయలు చేతికొస్తాయి. అందులోంచి ముందు కట్టిన 1,60,000 తీసేస్తే 85,55,000. అంటే డాలర్‌కు 85.55 దక్కింది. రూపాయి బలపడి డాలర్ 84కి దిగినా, చివరికి దాదాపు ఇంతే తేలుతుంది. అప్పుడు క్యాన్సిల్ చేసినప్పుడు లాభం వస్తుంది, కొత్త రేటు తగ్గుతుంది. రక్షణ ఎక్కడికీ పోలేదు. పోయింది చేతిలో ఉండాల్సిన నగదు, అదీ విదేశీ పార్టీ డబ్బు ఆలస్యం చేస్తున్న సమయంలోనే. ప్యాకింగ్ క్రెడిట్ నిండా వాడుకుని నడుస్తున్న చిన్న ప్లాంటుకు ఆ లక్షా అరవై వేలు సర్దడం తేలికేమీ కాదు. నెల తర్వాత మళ్లీ జరపాల్సి వస్తే మళ్లీ అదే కథ, ప్రతిసారీ మార్జిన్, చార్జీలు. చివరికి సరుకును కొనుగోలుదారు తిప్పి పంపేస్తే రావాల్సిన డాలర్లు ఉండవు, కట్టిన నష్టం మాత్రం మిగిలిపోతుంది.

డబ్బు తొందరగా వస్తే ఇంత బాధ ఉండదు. ఆగస్టు 31కి ఫిక్స్ చేసుకున్నవాడికి 10వ తేదీన డాలర్లు వచ్చాయనుకుందాం. ముందుగా అప్పగిస్తానంటే, మిగిలిన ఇరవై ఒక్క రోజుల ప్రీమియాన్ని, అంటే సుమారు 10 పైసల్ని, దానిపై చార్జీలను బ్యాంకు తగ్గించుకుంటుంది. విండో తీసుకున్నా అటూ ఇటూగా అంతే దక్కేది. అందుకే నా ఉద్దేశంలో, ప్రీమియం ఉన్నంతకాలం ఎగుమతిదారు అనుమానం వస్తే తేదీని వెనక్కి, అంటే ఆలస్యం వైపు పెట్టుకోవడమే మేలు. ముందుగా ఇచ్చినందుకు పోయేది పైసల్లో ఉంటుంది, ఆలస్యానికి అప్పటికప్పుడు కట్టాల్సింది రూపాయల్లోకి వెళ్లవచ్చు.

ఏ నెల పెట్టుకోవాలన్నది ఆ కొనుగోలుదారు పాత బిల్లులే చెబుతాయి. గత రెండేళ్ల ఇన్‌వాయిస్‌లు తీసి, ఓడ ఎక్కిన తేదీకీ డబ్బు పడిన తేదీకీ మధ్య ఎన్ని రోజులో వరుసగా రాసుకుంటే, ఎక్కువ చెల్లింపులు ఏ వారాల్లో పడుతున్నాయో కనబడుతుంది. విండో అక్కడ పెట్టాలి. క్రమం తప్పని కొనుగోలుదారుల మొత్తానికే ఫార్వర్డ్ తీసుకుని, ఎప్పుడు కడతారో తెలియని వాళ్ల బిల్లుల్ని కొంతవరకు వదిలేయడం, లేదా జరపాల్సి వస్తే కట్టడానికి కొంత లిమిట్ ఖాళీగా ఉంచుకోవడం, నెలనెలా తప్పని రోలింగ్ కన్నా నయం.

ఇక కాంట్రాక్టు గడువు తేదీని అకౌంట్స్ విభాగం గోడ మీద రాసి పెట్టుకోవాలి. చివరి రోజు దాటినా డాలర్లు ఇవ్వక, జరపమనీ అడగక ఊరుకుంటే కొద్ది పనిదినాల్లోనే బ్యాంకు తనంతట తానే కాంట్రాక్టును క్యాన్సిల్ చేస్తుంది. అలా క్యాన్సిలైనప్పుడు నష్టం వస్తే ఖాతాలోంచి వసూలవుతుంది, లాభం వస్తే మాత్రం ఇవ్వరు. అదే గడువుకు ముందు రోజు ఒక మెయిల్ పెట్టి క్యాన్సిల్ చేయమనో, జరపమనో రాతపూర్వకంగా చెప్పి ఉంటే, వచ్చే లాభాన్ని అడగడానికి వీలుంటుంది.